రెండు యంత్రాల జిమ్

అపార్ట్‌మెంట్ బ్రోషర్‌లో కనిపించిన జిమ్ వేరు, తాళం తీశాక కనిపించే జిమ్ వేరు. హైదరాబాద్ శివార్లలోని చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో క్లబ్‌హౌస్ కింద ఓ గది ఉంటుంది. అందులో రెండు ట్రెడ్‌మిల్లులు, గోడవారన ఒక స్మిత్ మెషిన్, మూలన ఒక కేబుల్ మెషిన్. డంబెల్స్ కొంటే కిందపడేసి టైల్స్ పగలగొడతారని అసోసియేషన్ వాళ్ల భయం. విడిగా కడ్డీ, రాక్ పెట్టిస్తే ఎవరి మీదైనా పడుతుందని ఇంకో భయం. అలా బరువులెత్తడానికి మిగిలేవి స్మిత్, కేబుల్ ఈ రెండే. అక్కడికి దిగిన కొత్తవాడు మొదట అడిగేది ఒకే ప్రశ్న: వీటితో ఒళ్లంతటికీ పని చెప్పడం కుదురుతుందా, లేక ఊరికే చేతులు ఊపుకొని రావడమేనా?

కుదురుతుంది. కాకపోతే ఈ రెండు యంత్రాలూ బరువును రెండు రకాలుగా చేతికి అందిస్తాయి. ఆ తేడా తెలియకుండా యూట్యూబ్‌లో దొరికిన డంబెల్ షెడ్యూల్‌ను వీటి మీద రుద్దితే కొన్ని కండలకు పని రెండింతలవుతుంది, కొన్నిటికి అసలు తగలదు. కాబట్టి ఏ రోజు ఏం చేయాలన్న జాబితా కన్నా ముందు యంత్రాల సంగతి చూడాలి.

ప్లేటు మీది అంకె నిజమేనా?

కేబుల్ మెషిన్‌లో ఇనుప ప్లేట్ల దొంతర ఉంటుంది. కావాల్సిన ప్లేటు దగ్గర పిన్ గుచ్చి తాడు లాగితే, ఆ ప్లేటూ దాని పైనున్నవీ లేస్తాయి. నలభై అని రాసి ఉన్న చోట పిన్ పెడితే చేతికి నలభై కిలోలు తగులుతున్నాయనే ఎవరైనా అనుకుంటారు. చాలా మెషిన్లలో తగిలేది ఇరవయ్యే.

ఎందుకో తెలియాలంటే ఊరి బావి దగ్గరికి వెళ్లాలి. బావి మీద కర్రకు కట్టిన గిలక బరువును తగ్గించదు. పైకి లాగాల్సిన తాడును కిందికి లాగేలా దిశ మారుస్తుంది, అంతే. పది కిలోల నీళ్ల చేదకు పది కిలోల లాగుడు, కొంచెం రాపిడి అదనం. ఇప్పుడు ఆ గిలకను పైనుంచి తీసి చేదకే బిగించి, తాడు ఒక కొసను పైన దూలానికి కట్టి, తాడును గిలక కిందుగా తిప్పి రెండో కొసను చేతిలోకి తీసుకుంటే కథ మారుతుంది. చేద బరువును తాడు రెండు పాయలు పంచుకుంటాయి. సగం దూలం మోస్తుంది, సగం చెయ్యి మోస్తుంది. ఉచితంగా మాత్రం కాదు: చేద ఒక మూర లేవాలంటే చేతితో రెండు మూరల తాడు లాగాలి.

జిమ్‌లో రెండు చేతులకూ రెండు పిడులున్న కేబుల్ మెషిన్లు ఎక్కువగా ఈ రెండో పద్ధతివే. చెయ్యి చాలా దూరం కదలాలి, ప్లేట్లు ఎత్తుకెళ్లడానికి స్తంభంలో అంత చోటుండదు, అందుకని కదిలే గిలక పెడతారు. పైనుంచి పొడవాటి కడ్డీ వేలాడుతూ, కింద సీటు ఉన్న పాత రకం పుల్‌డౌన్ మెషిన్లు సాధారణంగా మొదటి పద్ధతివి. తన ముందున్నది ఏదో తేల్చుకోవడానికి తాడు మీద ఒక సుద్ద గీత చాలు. తాడును అరవై సెంటీమీటర్లు బయటికి లాగి ప్లేట్లు ఎంత లేచాయో చూడాలి. అరవై లేస్తే అంకె నిజం. ముప్ఫై లేస్తే అంకెలో సగమే చేతికి తగులుతోంది.

ఇంకా పక్కాగా తెలియాలంటే విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు పనికొస్తుంది. దాన్ని పిడికీ చేతికీ మధ్య తగిలించి మెల్లగా లాగితే ఒక అంకె, మెల్లగా వదులుతుంటే ఇంకో అంకె కనిపిస్తాయి. నలభై దగ్గర పిన్ పెట్టిన కదిలే గిలక మెషిన్‌లో లాగేటప్పుడు 22, వదిలేటప్పుడు 18 చూపిందనుకుందాం. మధ్యనున్న ఇరవై అసలు బరువు, అటూ ఇటూ ఉన్న రెండూ గిలకల రాపిడి. లాగేటప్పుడు రాపిడి ఎదురొస్తుంది, దించేటప్పుడు చేతికి సాయపడుతుంది. ఈ తేడా బాగా ఎక్కువగా ఉంటే గిలకల బేరింగులు అరిగాయనో, ప్లేట్లు జారే కమ్మీలకు నూనె లేదనో అర్థం. అలాంటి మెషిన్ మీద దించే సగానికి పని బాగా తగ్గుతుంది. కండ పెరగడంలో దించే సగానికీ వాటా ఉంది కాబట్టి ఇది చిన్న నష్టమేమీ కాదు. వాచ్‌మన్‌ను బతిమాలి కమ్మీలను తుడిపించి కాస్త సిలికాన్ స్ప్రే కొట్టించడం ఏ ప్రోటీన్ డబ్బా కన్నా చవక.

స్మిత్ మెషిన్ కడ్డీ బరువూ ఇలాంటి గుట్టే. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో మగవాళ్లు వాడే విడి కడ్డీ 20 కిలోలు. స్మిత్ కడ్డీకి అలాంటి కట్టుబాటు లేదు. కొన్ని మెషిన్లలో స్తంభాల లోపల ఎదురు బరువులు దాగి ఉంటాయి. అవి కడ్డీలో చాలా భాగాన్ని మోసేస్తే చేతికి ఏ ఏడెనిమిది కిలోలో మిగులుతాయి. అవి లేని మెషిన్‌లో ఇరవై దాకా ఉండొచ్చు. ఇక్కడా అదే త్రాసు: కడ్డీ మధ్యలో కొక్కెం తగిలించి హుక్కుల నుంచి విడిపించి చూడాలి. ఈ అధ్యాయంలోని లెక్కల కోసం కడ్డీ తొమ్మిది కిలోలని, కేబుల్ సగం బరువు రకమని అనుకుందాం.

కండకు దిశ ముఖ్యం

కండకు కిలోలు తెలియవు. కీలు చుట్టూ ఎంత తిప్పుడు బలం పడుతోందో అదే దానికి తగులుతుంది. ఆ బలం బరువు ఎంతన్న దాని మీదే కాక, అది కీలుకు ఎంత ఎడంగా, ఏ కోణంలో లాగుతోందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది.

చెయ్యి పక్కకు ఎత్తే లేటరల్ రైజ్‌నే తీసుకుంటే ఈ సంగతి తేలిగ్గా పట్టుబడుతుంది. డంబెల్‌ను భూమి నిట్టనిలువుగా కిందికి లాగుతుంది. చెయ్యి కిందికి వేలాడుతున్నప్పుడు ఆ లాగుడు భుజం కీలు గుండానే పోతుంది కాబట్టి భుజం కండకు దాదాపు పనే లేదు. చెయ్యి నేలకు సమాంతరమయ్యేసరికి పని పతాకస్థాయికి చేరుతుంది. అదే కేబుల్ గిలకను మణికట్టు ఎత్తులో పెట్టి, పక్కకు తిరిగి నిలబడి, దూరంగా ఉన్న చేత్తో ఒంటికి అడ్డంగా తాడు పట్టుకుంటే, చెయ్యి కిందున్నప్పుడే తాడు దానికి లంబంగా లాగుతుంది. మొదటి అంగుళం నుంచే భుజం కష్టపడాలి. చెయ్యి పైకి వెళ్లేకొద్దీ కోణం తగ్గి పని తేలికవుతుంది. బరువు ఒకటే అయినా కండ సాగి ఉన్నప్పుడు పని పడుతుందా, ముడుచుకున్నప్పుడు పడుతుందా అన్నది తారుమారైపోయింది.

ఇది ఉత్త జామెట్రీ ముచ్చట కాదని జపాన్‌లో 2022లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. 21 మంది చేత పన్నెండు వారాలు, వారానికి రెండుసార్లు, కేబుల్ మీద మోచేయి చాపే వ్యాయామం చేయించారు. ఒక చేత్తో తల పైన పెట్టి, రెండో చేత్తో ఒంటి పక్కన ఆనించి. మనిషి ఒకడే, తిండి ఒకటే, నిద్ర ఒకటే. తేడా అంతా చెయ్యి ఉన్న చోటులోనే. తల పైన చేసిన చేతి ట్రైసెప్స్ సగటున 20 శాతం దాకా పెరిగింది, పక్కన చేసినది 14 శాతం. పైగా తల పైన చేసినప్పుడు ఎత్తిన బరువే తక్కువ. ట్రైసెప్స్ మూడు పాయల్లో పొడవాటిది భుజాన్ని కూడా దాటి వెళ్తుంది. చెయ్యి పైకెత్తితే అది బాగా సాగి, ఆ స్థితిలోనే పని చేయాల్సి వస్తుంది. కానీ పొడవాటి పాయతో పాటు మిగతా రెండూ ఎక్కువే పెరిగాయి. కాబట్టి సాగడం ఒక్కటే మొత్తం కారణం కాకపోవచ్చు.

దీన్నుంచి రెండు యంత్రాల మధ్య పని విభజన దానంతటదే వస్తుంది. స్మిత్ కడ్డీ పైకీ కిందికీ మాత్రమే కదులుతుంది. కాబట్టి పెద్ద కీళ్లతో నిలువుగా తోయాల్సిన, మోయాల్సిన బరువులన్నీ దానివి. పక్క నుంచి, ముందు నుంచి, వెనక నుంచి, పై నుంచి లాగే బలం కావాల్సినవన్నీ తాడువి. డంబెల్ చేసే పనుల్లో చాలావాటిని కేబుల్ చేస్తుంది, కొన్నిటిని మెరుగ్గా కూడా.

పట్టాల మీద నడిచే కడ్డీ

స్మిత్ మెషిన్‌కు జిమ్ పాతకాపుల దగ్గర మంచి పేరు లేదు. అమెరికాలో 1936లో ఓక్లండ్‌లో జిమ్ తెరిచిన జాక్ లాలేన్ పట్టాల మీద జారే కడ్డీ ఒకటి తన కోసం కట్టుకున్నాడు. రూడీ స్మిత్ అనే జిమ్ నిర్వాహకుడు 1950లలో దాన్ని మెరుగుపరిచాడు, యంత్రానికి అతని పేరే నిలిచింది. పక్కన పట్టుకునేవాడు లేకపోయినా బరువెత్తేలా చేయడం దాని ఉద్దేశం. ఆ సౌకర్యమే దానికి అపకీర్తి కూడా తెచ్చింది: కడ్డీని పట్టాలే నిలబెడితే, నిలబెట్టే కండలకు పనేముంది?

ఈ అనుమానానికి ఆధారం ఉంది. కెనడాలో 2009లో ఆరుగురి మీద చేసిన ఒక ప్రయోగంలో విడి కడ్డీతో స్క్వాట్ చేసినప్పుడు కండరాల్లో విద్యుత్ సంకేతాలు స్మిత్ కన్నా సగటున 43 శాతం ఎక్కువ కనిపించాయి. ఆ అంకె ఇప్పటికీ జిమ్‌లలో తిరుగుతూనే ఉంటుంది. కానీ సంకేతం వేరు, కండ పెరగడం వేరు. విడి బరువులనూ యంత్రాలనూ వారాల తరబడి వాడించి కండ మందం కొలిచిన అధ్యయనాలను 2023లో కలిపి లెక్కించినప్పుడు పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. బలం విషయంలో మాత్రం ఎవరు దేని మీద సాధన చేశారో వాళ్లు దాని మీదే ఎక్కువ మెరుగయ్యారు. కండ కోసం వచ్చినవాడికి స్మిత్ చాలు. పవర్‌లిఫ్టింగ్ పోటీకి వెళ్లాలనుకునేవాడికి చాలదు.

విడి కడ్డీకీ దీనికీ ఉన్న అసలు తేడా పాదాల దగ్గర బయటపడుతుంది. విడి కడ్డీతో దిగేటప్పుడు ఒళ్లూ బరువూ కలిసిన భారకేంద్రం పాదాల మీదే ఉండాలి, లేకపోతే పడిపోతారు. అందుకే నడుము ముందుకు వంగుతుంది. స్మిత్‌లో పడనివ్వకుండా పట్టాలు అడ్డుంటాయి. పాదాలను కడ్డీకి అడుగు ముందుకు జరిపినా నిలబడొచ్చు, వీపు నిటారుగా ఉంచొచ్చు. ఆ పట్టాల దన్నుకు బదులుగా పాదాలు నేలను ముందుకు తోస్తుంటాయి. మరీ ముందుకు పెట్టి, నున్నటి టైల్స్ మీద అరిగిన చెప్పులతో నిలబడితే కాళ్లు జారిపోతాయి. పాదాలు సరిగ్గా కడ్డీ కిందే ఉంటే ఇంకో చిక్కు: కిందికి దిగుతుంటే మడమలు లేస్తాయి, లేదా నడుము కింది భాగం గుండ్రంగా ముడుచుకుంటుంది. ఖాళీ కడ్డీతో అరడుగు ముందుకు జరిపి మొదలుపెట్టి, అడుగున మడమలు ఆని ఉండి, నడుము ముడుచుకోని చోటు దొరికేదాకా సర్దుకోవాలి. దొరికాక పాదాల దగ్గర నేల మీద టేపు ముక్క అతికిస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు.

బెంచ్ ప్రెస్‌లోనూ ఇలాంటి సర్దుబాటు ఉంది. విడి కడ్డీ ఛాతీ కింది భాగం నుంచి భుజాల పైకి కాస్త ఏటవాలుగా వెళ్తుంది, స్మిత్‌లో అలా వెళ్లే దారి లేదు. బెంచ్‌ను కొలత లేకుండా తోసేసి పడుకుంటే కడ్డీ మెడ దగ్గర దిగుతుంది, మోచేతులు పక్కలకు విచ్చుకుంటాయి, భుజం ముందు వైపు నొప్పి మొదలవుతుంది. చనుమొనలకు కొంచెం కిందుగా కడ్డీ తాకేలా బెంచ్ జరుపుకోవాలి. బెంచే లేని జిమ్‌లో నేల మీద పడుకొని చేసినా నడుస్తుంది. మోచేతులు నేలకు తగిలిన చోట ఆగిపోతుంది కాబట్టి ఛాతీ సాగడం తగ్గుతుంది. ఆ లోటును కేబుల్ తీర్చగలదు.

వారంలో మూడు రోజులు, రెండు పాఠాలు

డెబ్బై కిలోల ఉద్యోగి, జిమ్‌కు కొత్త, వారానికి మూడు సాయంత్రాలు గంట చొప్పున వీలుంది అనుకుందాం. అతనికి రెండు పాఠాలు చాలు. సోమవారం మొదటిది, బుధవారం రెండోది, శుక్రవారం మళ్లీ మొదటిది. తర్వాతి వారం రెండో దానితో మొదలు.

మొదటి పాఠంలో స్మిత్ మీద స్క్వాట్, బెంచ్ ప్రెస్. ఆ తర్వాత కేబుల్ దగ్గరికి వెళ్లి గిలకను పైకి జరిపి, మోకాళ్ల మీద కూర్చొని పుల్‌డౌన్. తర్వాత గిలకను ఒకేసారి కిందికి దించి, వీపు మెషిన్ వైపు తిప్పి తల మీదుగా ట్రైసెప్స్, చివర్లో చీలమండకు పట్టీ కట్టి మోకాలు మడిచే వ్యాయామం. ఒక్కొక్కటి మూడేసి సెట్లు. రెండో పాఠంలో స్మిత్ మీద రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, అంటే మోకాళ్లు కొద్దిగా మడిచి తుంటి దగ్గర వంగుతూ కడ్డీని తొడల వెంట దించడం. మిగతావి తాడు మీద: పొట్ట వైపుకు లాగే రో, ఒక చేత్తో ఛాతీకి అడ్డంగా లాగే ఫ్లై, భుజానికి లేటరల్ రైజ్. ఇవి మూడేసి సెట్లు. ఆపైన చీలమండ పట్టీతో మోకాలు చాపడం, బైసెప్స్ కర్ల్ రెండేసి సెట్లు.

ఈ వరసలో ఒక చిన్న ఉపాయం ఉంది. కేబుల్ మీద చేసేవన్నీ గిలక పైనుంచి కిందికి దిగేలా పేర్చినవే. ప్రతి సెట్‌కూ గిలక పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంటే గంటలో పావు వంతు దానికే పోతుంది, వెనక నిలబడ్డ పక్క ఫ్లాట్ వాళ్ల ముఖం కూడా మారుతుంది.

చీలమండ పట్టీ చూసి చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ ఉండగా కాళ్లకు ఇంకా ఎందుకని సందేహం. జపాన్‌లో 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో పది వారాలు స్క్వాట్ మాత్రమే చేయించి తొడలను ఎమ్మారైతో కొలిచారు. తొడ ముందు కండల్లో మూడు పెరిగాయి. నడుమ నిలువుగా సాగే నాలుగోది పెరగలేదు, తొడ వెనక కండలూ పెరగలేదు. ఆ నాలుగోది, వెనక కండల్లో చాలావరకు తుంటినీ మోకాలినీ రెండిటినీ దాటే కండలు. స్క్వాట్‌లో లేచేటప్పుడు ఒక కొస కురచవుతుంటే ఇంకో కొస పొడవవుతుంది, వాటికి చేతినిండా పని దొరకదు. వెనక కండల పని డెడ్‌లిఫ్ట్ కొంత తీరుస్తుంది కానీ వాటిలో ఒక పొట్టి పాయ మోకాలిని మాత్రమే దాటుతుంది, తుంటి ఎంత వంచినా దానికి తగలదు. మోకాలు మడిచే యంత్రం, చాపే యంత్రం లేని జిమ్‌లో ఈ రెండు లోట్లనూ పూడ్చేది ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఆ పట్టీయే. ఒక కాలి మీద నిలబడి ఇంకో కాలితో చేయాలి కాబట్టి స్మిత్ స్తంభాన్నో గోడనో పట్టుకోవడం తప్పు కాదు.

తలపైకి బరువు తోసే షోల్డర్ ప్రెస్‌ను ఇందులో కావాలనే చేర్చలేదు. భుజం ముందు భాగానికి బెంచ్ ప్రెస్‌లో పని పడుతూనే ఉంది. నిట్టనిలువు పట్టాల మీద తలపైకి తోయడం చాలామంది భుజాలకు పడదు. కడ్డీ దారి నుంచి ముఖాన్ని తప్పించుకోవడానికి మెడ వెనక్కి వంచాలి. పడినవాళ్లు నిక్షేపంగా చేసుకోవచ్చు.

బరువు పెంచే చోట వచ్చే పేచీ

ఇప్పుడు అంకెలు. మన ఉద్యోగి స్క్వాట్‌ను రెండు పక్కలా పదేసి కిలోల ప్లేట్లతో మొదలుపెట్టాడనుకుందాం. కడ్డీతో కలిపి 29 కిలోలు. మొదటి రోజు మూడు సెట్లలో ఎనిమిదేసి రెప్స్. ఇంకో రెండు చేయగలనని అనిపిస్తుండగానే ఆపడం పద్ధతి. తర్వాతి వారాల్లో తొమ్మిది, పది. మూడు సెట్లలోనూ పదేసి వచ్చిన రోజు తర్వాత రెండు పక్కలా రెండున్నర కిలోల ప్లేటు చేరుస్తాడు. 34 కిలోలు, రెప్స్ మళ్లీ ఎనిమిది. ఇందులో చిక్కేమీ లేదు.

చిక్కంతా కేబుల్ దగ్గర చిన్న కండలతో వస్తుంది. ప్లేట్లు ఐదేసి కిలోలవి, సగం బరువు గిలక. లేటరల్ రైజ్‌కు పిన్ మొదటి ప్లేటులో పెడితే చేతికి రెండున్నర కిలోలు. రెండో ప్లేటుకు మారితే ఐదు. అంటే ఒక్క మెట్టులో బరువు రెండింతలు. పుల్‌డౌన్‌లో 45 నుంచి 50కి మారితే పెరిగేది తొమ్మిదో వంతు మాత్రమే. అదే పిన్ను, అదే మెట్టు, కానీ భుజానికి అది గోడ. కొత్తవాళ్లు ఇక్కడ ఏం చేస్తారో ఏ జిమ్‌లోనైనా చూడొచ్చు: రెండో ప్లేటుకు పిన్ మార్చి, నడుము ఊపి, తాడును ఒక్క గుంజు గుంజుతారు. ప్లేట్లు ఎగిరి టంగుమని చప్పుడు చేస్తాయి. ఆ చప్పుడు వినిపించిందంటే దిగేటప్పుడు తాడు వదులైంది, కండ మీద బరువు లేదు.

దారి రెప్స్‌లో ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2016లో అప్పటికే బరువులెత్తే అలవాటున్న 49 మంది యువకులను రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత తేలిక బరువుతో 20 నుంచి 25 రెప్స్, ఇంకో జట్టు చేత పెద్ద బరువుతో 8 నుంచి 12 రెప్స్ చేయించారు. రెండు జట్లూ ఇక చేయలేని దాకా చేశాయి. పన్నెండు వారాల తర్వాత కండ పెరుగుదల రెండు జట్లలోనూ ఇంచుమించు ఒకటే. కాబట్టి మొదటి ప్లేటు మీదే పన్నెండు రెప్స్ నుంచి పాతిక దాకా వెళ్లి, అప్పుడు రెండో ప్లేటుకు మారి ఎన్ని వస్తే అన్నిటితో మళ్లీ మొదలుపెట్టినా నష్టం లేదు. ప్లేట్ల దొంతర పైన ఒక కిలో, రెండు కిలోల చిన్న ప్లేటు కదలకుండా పెట్టే వీలున్న మెషిన్ అయితే ఇంకా సులువు. తేలిక బరువు జట్టుకు వచ్చిన ఫలితం చివరిదాకా కష్టపడినందుకు వచ్చింది. పాతిక చేయగలిగినవాడు పదిహేను దగ్గర ఆపేస్తే ఆ లెక్క వర్తించదు.

అటు చివర కూడా ఇలాంటి గోడే ఉంటుంది. వంద కిలోల దొంతర అంతా ఎత్తినా చేతికి యాభైయే. ఒకటి రెండేళ్లలో రో అక్కడికి చేరుకోవచ్చు. అప్పుడు రెండు చేతుల పనిని ఒక చేతికి ఇస్తే సరి, యాభై కిలోలు ఒక్క చేత్తో లాగడానికి చాలాకాలం పడుతుంది. లేదా స్మిత్ కడ్డీని నడుము ఎత్తులో హుక్కులకు తగిలించి, దాని కింద వెల్లకిలా వేలాడుతూ ఛాతీని కడ్డీకి లాక్కోవచ్చు. కడ్డీని ఒక్కో మెట్టు దించుతుంటే ఒళ్లు అడ్డంగా మారి బరువు పెరుగుతూ పోతుంది.

తాళం తీసిన ప్రతిసారీ చూడాల్సినవి

స్మిత్ మెషిన్‌లో బరువు దించుకోవడానికి మణికట్టు తిప్పితే చాలు, హుక్కు పట్టుకుంటుంది. అలసిన మణికట్టు సగమే తిరుగుతుంది, హుక్కు అంచు మీద ఆని, మరుక్షణం జారుతుంది. అందుకే కిందున్న సేఫ్టీ స్టాపర్లను తప్పనిసరిగా సర్దాలి. ఖాళీ కడ్డీతో అడుగు దాకా దిగి, దానికి ఒకటి రెండు అంగుళాల కింద వాటిని బిగించాలి. బెంచ్ ప్రెస్‌లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ కింద ఉన్నది ఛాతీ, దాని పక్కనే మెడ.

కేబుల్ సంగతి తాడు చివర్లలో తెలుస్తుంది. ఉక్కు తీగల మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. పిడి తగిలించే కొస దగ్గర, గిలక వంపులో అది పగిలి లోపలి తీగలు మెరుస్తుంటే ఆ రోజు ఆ మెషిన్ ముట్టకూడదు. అసలు పిన్ పోయిందని స్క్రూడ్రైవరో, వంచిన మేకో గుచ్చి నడిపించడం చిన్న జిమ్‌లలో కనిపించే అలవాటు. అవి ఊపుకు సగం బయటికి జారితే లేచిన ప్లేట్లు ఒక్కసారిగా పడతాయి, ఎదురు బలం తెగిన చెయ్యి సొంత ముఖాన్నే కొట్టుకుంటుంది.

ఇలా ఒక ఏడాది గడిపినవాడు ఉద్యోగం మారో ఇల్లు మారో విడి కడ్డీ ఉన్న జిమ్‌లో అడుగుపెడితే తన నోట్‌బుక్ అంకెలు అక్కడ పని చేయవు. 2005లో అమెరికా పరిశోధకులు ఒకే మనుషుల చేత రెండు రకాలుగానూ ఎత్తించి చూస్తే, స్క్వాట్ స్మిత్ మీద ఎక్కువ వచ్చింది, బెంచ్ ప్రెస్ విడి కడ్డీతో ఎక్కువ వచ్చింది. వాళ్లు రెండిటికీ కొత్తవాళ్లు కాదు. స్మిత్ తప్ప వేరే కడ్డీ ఎరుగనివాడికి బెంచ్ మీద కూడా మొదటి రోజుల్లో చేతులు అటూ ఇటూ వణుకుతాయి. అలాంటివాడు రెండిటినీ ఉత్త 20 కిలోల కడ్డీతో మొదలుపెట్టి, జిమ్‌కు వెళ్లిన ప్రతిసారీ ఐదేసి కిలోలు చేరుస్తూ పోతే కొన్ని వారాల్లో తన పాత అంకెల దరిదాపులకు చేరతాడు.